డిస్కవర్డ్ ఎటాక్: మంత్రి ఎందుకు పోయింది, మీ దాడి ఎందుకు తుస్సుమంది

చదరంగంలో ముందు పావు పక్కకి తప్పుకుంటే వెనక పావుకి దారి తెరుచుకుంటుందని, ఒక్క ఎత్తులో రెండు బెదిరింపులు పుడతాయని అందరికీ తెలుసు. అయినా రోజూ అవే మూడు ఫిర్యాదులు. మొదటి రెండూ ఒక్క చూపుతో తీరేవి. మూడోదే అసలు తలనొప్పి.

సమస్య 1: ఉత్తినే దొరికిన బంటుని తిన్నాను, వెంటనే మంత్రి పోయింది

ఫ్రెంచ్ డిఫెన్స్‌లో అడ్వాన్స్ వేరియేషన్ ఆడే నల్లవాళ్లకి ఇది నిత్యం జరిగేదే.

```
1.e4 e6 2.d4 d5 3.e5 c5 4.c3 Nc6 5.Nf3 Qb6
6.Bd3 cxd4 7.cxd4 Nxd4?? 8.Nxd4 Qxd4 9.Bb5+
```

7వ ఎత్తులో నల్లవాళ్ల లెక్క ఇలా నడుస్తుంది: d4 బంటు మీద నా గుర్రం, నా మంత్రి, రెండు ఉన్నాయి. దాన్ని కాసేది f3 గుర్రం ఒక్కటే. d1లో ఉన్న తెల్ల మంత్రికి d3 శకటం అడ్డు, కాబట్టి అది లెక్కలోకి రాదు. కాబట్టి బంటు నాదే. లెక్కలో తప్పేమీ లేదు. లెక్క నుంచి తీసేసిన ఆ మంత్రే కొంప ముంచుతుంది.

9.Bb5+ తో శకటం e8 రాజుకి చెక్ చెప్పింది, d నిలువు వరస ఖాళీ అయింది. నల్ల మంత్రికి d1 మంత్రి ఎదురుగానే ఉంది, కానీ కొట్టడానికి వీల్లేదు. ముందు చెక్ తీరాలి, Qxd1 దాన్ని తీర్చదు. 9...Bd7 అని అడ్డం పెడితే తెల్లవాళ్లు కంగారుగా మంత్రిని తినేయకూడదు. 10.Qxd4 Bxb5 అయితే శకటం దండగ. ముందు 10.Bxd7+ Kxd7, ఆ తర్వాత 11.Qxd4. మంత్రి ఎక్కడికీ పోదు.

చూడాల్సింది ఒక్కటే, ఎవరూ చూడనిదీ అదే. పావుని ఏదైనా గడిలో పెట్టే ముందు ఆ గడి నుంచి నిలువుగా, అడ్డంగా, ఐమూలగా ఎదుటివాళ్ల మంత్రి, ఏనుగు, శకటాల దాకా కన్ను పోనివ్వండి. మధ్యలో ఎన్ని పావులున్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే ఉండి, అదీ ఎదుటివాళ్లదే అయితే ఆ పావు చెక్‌తో కదలగలదా అని చూడండి. కదలగలిగితే ఆ గడి మీది కాదు.

పరిష్కారం: 7...Bd7. ఇప్పుడు b5 నుంచి రాజుకి చెక్ రాదు, d4 బంటు మీద బెదిరింపు నిజంగా నిలబడుతుంది. తెల్లవాళ్లు 8.0-0 ఆడి బంటుని కావాలనే వదిలేస్తే దాన్ని మిల్నర్-బ్యారీ గ్యాంబిట్ అంటారు. అది వేరే కథ, కానీ ఆ స్థితితో కింద మళ్లీ పని ఉంది.

సమస్య 2: గుర్రాన్ని వెనక్కి తీసుకున్నాను, అప్పుడూ మంత్రి పోయింది

```
1.e4 e5 2.Nf3 Nf6 3.Nxe5 Nxe4 4.Qe2 Nf6?? 5.Nc6+
```

పెట్రాఫ్ డిఫెన్స్‌లో ఇది పాత ఉచ్చు. 4.Qe2 తర్వాత e2 మంత్రికీ e8 రాజుకీ మధ్య రెండు గుర్రాలున్నాయి, e4లో నల్లది, e5లో తెల్లది. బెదిరింపు e4 గుర్రం మీదే కాబట్టి దాన్ని తప్పించాలనిపిస్తుంది. తప్పిస్తే రెండు కాస్తా ఒకటవుతుంది. ఇక్కడ చెక్ చెప్పేది వెనక ఉన్న మంత్రి, కాబట్టి ముందున్న గుర్రానికి పట్టపగ్గాలుండవు. c6లో దాన్ని b7 బంటు, d7 బంటు, b8 గుర్రం మూడూ కొట్టగలవు, కానీ ఏ ఒక్కటీ చెక్‌ని తీర్చదు. Be7 ఆడితే Nxd8. Qe7 ఆడితే Nxe7.

కాబట్టి పావు వెళ్లి దిగే గడినే కాదు, ఖాళీ చేసే గడిని కూడా అలాగే చూడండి. 4...Qe7 ఆడితే 5.Qxe4 d6 6.d4 తర్వాత ఒక్క బంటుతో బయటపడతారు. అసలు మందు 3వ ఎత్తులోనే ఉంది: ముందు 3...d6 అని గుర్రాన్ని తరిమి, 4.Nf3 అయ్యాక 4...Nxe4.

సమస్య 3: డిస్కవర్డ్ ఎటాక్ నేనే కొట్టాను, చేతికి ఏమీ రాలేదు

రెండు బెదిరింపులు, ఒక్క ఎత్తు, ఎదుటివాడు రెండూ ఆపలేడు అనుకుంటాం. ఆపగలడు. కదిలిన పావు చెక్ చెప్పకపోతే ఎదుటివాళ్ల చేతిలో స్వేచ్ఛగా ఒక ఎత్తు ఉంటుంది. మీరు గురిపెట్టిన ఆ మంత్రితోనే ఆ ఎత్తు వేస్తారు. గురిలో ఉన్న పావుని బలిపశువులా చూడటమే ఇక్కడి పొరపాటు. దానికీ కాళ్లున్నాయి.

పైన వదిలిన స్థితికి వద్దాం.

```
7...Bd7 8.0-0 Nxd4 9.Nxd4 Qxd4 10.Bb5?
```

బోర్డు చూడ్డానికి అచ్చం సమస్య 1లో లాగే ఉంది. శకటం అదే గడికి వెళ్లింది, d వరస అలాగే తెరుచుకుంది. తేడా ఒక్క d7 శకటం. అది ఉండటంతో చెక్ లేదు. నల్లవాళ్లు 10...Bxb5 అని ఆశపడితే 11.Qxd4 తో మంత్రి పోతుంది. కానీ వాళ్లు 10...Qxd1 ఆడతారు. తెరిచిన దారి రెండు వైపులా నడుస్తుంది. మీ మంత్రి వాళ్ల మంత్రిని చూస్తోందంటే వాళ్ల మంత్రీ మీ మంత్రిని చూస్తోందనే. ఇప్పుడు అలవాటుగా 11.Rxd1 అంటే 11...Bxb5, శకటం గోవిందా. 11.Bxd7+ Kxd7 12.Rxd1 అని సర్దుకుంటే శకటం దక్కుతుంది గానీ మంత్రులు మారిపోయాయి, గ్యాంబిట్‌లో ఇచ్చిన బంటు ఇచ్చినట్టే ఉంది. మంత్రి లేకుండా ఆ బంటుకి బదులుగా దాడి ఎక్కడి నుంచి తెస్తారు? 10.Bxh7 ఇంకా ఘోరం: 10...Qxd1 11.Rxd1 Rxh7. అందుకే తెలిసినవాళ్లు 10వ ఎత్తులో Nc3 ఆడి, శకటాన్ని కదల్చకుండా ఉంచుతారు.

వెనక ఉన్నది మంత్రి, గురి కూడా మంత్రే అయితే చెక్ లేకుండా దారి తెరవకండి. వెనక ఏనుగుండి, ఎదురుగా మంత్రి ఉంటే ఆ ఏనుగుకి కాపు ఉందో లేదో చూడండి. కాపు లేని ఏనుగుని మంత్రి హాయిగా తినేసి పోతుంది.

కాపు ఉన్నా మోసపోయే దారి ఇంకోటుంది, దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. ఇది పాఠం కోసం పేర్చిన స్థితి, ఏ ఎనాలిసిస్ బోర్డులోనైనా అతికించి చూడండి:

```
3q1rk1/2n2ppp/8/8/3B4/2P5/5PPP/3R1RK1 w - - 0 1
```

d1 ఏనుగు, దాని ముందు d4 శకటం, ఎదురుగా d8లో నల్ల మంత్రి. d1ని f1 ఏనుగు కాస్తోంది, కాబట్టి ఎదురు కోత భయం లేదు. c7లో నల్ల గుర్రం ఉంది. చేయి తిన్నగా 1.Be5 మీదకి పోతుంది: శకటం గుర్రాన్ని కొడుతుంది, ఏనుగు మంత్రిని కొడుతుంది. జవాబు 1...Qc8. మంత్రి d వరస తప్పుకుంది, c నిలువు వరస మీదుగా c7 గుర్రాన్ని కాస్తూనే ఉంది. 2.Bxc7 Qxc7, శకటానికి గుర్రం, చెల్లుకి చెల్లు.

అదే స్థితిలో 1.Bxg7 చూడండి. 1...Kxg7 అంటే 2.Rxd8 Rxd8: తెల్లవాళ్లు ఏనుగు, శకటం ఇచ్చి మంత్రి, బంటు తీసుకున్నారు. 1...Qxd1 2.Rxd1 Kxg7 అన్నా లెక్క అదే. 1...Qg5 అని మంత్రి తప్పించుకుంటే 2.Bxf8 Kxf8, శకటం ఇచ్చి ఏనుగు, బంటు వచ్చాయి. ఎటు వెళ్లినా కనీసం రెండు బంట్ల విలువ లాభం.

e5కీ g7కీ తేడా శకటం దేన్ని కొట్టిందన్నదే. c7 గుర్రం శకటంతో సమానమైన పావు, దానికి కాపు ఉంటే ఆ బెదిరింపుకి విలువ లేదు. f8 ఏనుగు శకటం కన్నా పెద్దది, దానికి ఎంత కాపున్నా శకటంతో మార్చుకుంటే మనకే లాభం. పైగా వెళ్తూ వెళ్తూ ఒక బంటు తినేశారు. అందుకే ముందు పావుకి చోటు వెతికేటప్పుడు ఈ వరసలో వెతకండి: మొదట చెక్, తర్వాత తనకన్నా పెద్ద పావు మీదికి దాడి, ఆ తర్వాత కాపు లేని పావు. సమానమైన పావు మీదికి వెళ్లేటట్టయితే గురిలో ఉన్న మంత్రి ఏయే గడుల నుంచి దాన్ని కాయగలదో ముందే చూడాలి. అలాంటి గడి ఒక్కటి దొరికినా ఆ ఎత్తు మానుకోండి. శకటం d4లో ఉన్నంతసేపూ బెదిరింపు బతికే ఉంటుంది.

మంత్రి చెక్ చెబుతూ తప్పించుకోవడం మూడో దారి. మీరు రాజుని సర్దుకునేలోపు వాళ్లు రెండో పావుని కూడా సర్దేస్తారు. మీ రాజు మీదికి వాళ్ల మంత్రికి ఏ గడి నుంచి చెక్ ఉందో దారి తెరవకముందే చూసుకుంటే సరిపోతుంది. ఉంటే ముందు రాజుని ఒక గడి జరపండి.

అరుదైనవి

ముందు పావు మీ రాజుకే అడ్డుగా ఉండి కదలలేకపోవడం: కంప్యూటర్‌లో అయితే ఎత్తు పడనే పడదు, బల్ల మీద ఆడేటప్పుడు జాగ్రత్త. ఆంపాసాన్‌తో రెండు బంట్లు ఒకేసారి అడ్డ వరస ఖాళీ చేసి చెక్ బయటపడటం: ఉంది, ఎప్పుడో గానీ ఎదురుపడదు. రెండు పావులూ ఒకేసారి చెక్ చెబితే రాజు కదలడం తప్ప మార్గం లేదు, అడ్డం పెట్టడం గురించి ఆలోచించి గడియారం ఖర్చు చేసుకోకండి.

ఇక అదే ఏనుగు వచ్చి, చెక్ చెప్పి, తిని, మళ్లీ వచ్చి తినే గాలిమర. మాస్కో 1925లో టోరే లాస్కర్ మీద ఆడింది చూస్తే చాలు. 25.Bf6 అని మంత్రినే వదిలేశాడు. 25...Qxh5 తర్వాత ఏనుగు g7కీ పక్క గడులకీ తిరుగుతూ g7 బంటు, f7 బంటు, b7 శకటం తిని, చివరికి 31.Rg5+ తో శకటం దారి తెరిచి h5 మంత్రిని వెనక్కి తెచ్చుకుంది. అక్కడ ప్రతి రెండో ఎత్తూ f6 శకటం చెప్పే చెక్కే, అందుకే లాస్కర్ మంత్రికి ఒక్క ఎత్తు కూడా దొరకలేదు.