నెలాఖరు రాకముందే: పన్ను శాఖకు బిల్లులు పంపే షెడ్యూల్‌ను సరిచూసుకోండి

మామూలు రోజుల్లో ఈ పని ఎవరి కంటా పడదు. రాత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆ రోజు బిల్లుల్ని పన్ను శాఖ సర్వర్‌కి పంపుతుంది, అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్లు వస్తాయి, అయిపోతుంది. నెలాఖరులో అందరూ ఒకేసారి పంపుతారు కాబట్టి అటువైపు సర్వర్ నెమ్మదిస్తుంది. మన ప్రోగ్రాంలో దాగిన తప్పు అప్పుడే బయటపడుతుంది. అన్నిటికన్నా నేను భయపడేది ఒక్కదానికే: బిల్లు అటు చేరి, జవాబు మాత్రం ఇటు చేరకపోవడం.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. ఆ రోజు 412 బిల్లులు. యాభై చొప్పున తొమ్మిది విడతలుగా వెళ్లాలి. ఆరో విడతకి 30 సెకన్లయినా జవాబు రాలేదు. ప్రోగ్రాం ఆ యాభైనీ 'ఫెయిల్' అని రాసుకుని, మిగతావి పంపేసి, చివర్లో వాటిని మళ్లీ పంపింది. నిజానికి అవి మొదటిసారే చేరిపోయాయి. అందుకే సర్వర్ 'డూప్లికేట్' అని తిప్పికొట్టింది. పొద్దున్నే స్క్రీన్ మీద యాభై ఎర్ర గీతలు చూసి బిల్లింగ్ చేసే అమ్మాయి టెన్షన్ పడింది. పాత బిల్లులు రద్దు చేసి, కొత్త నంబర్లతో మళ్లీ వేసి పంపింది. ఈసారి అన్నీ పచ్చగా కనిపించాయి. మా టేబుల్లో 412 అక్నాలెడ్జ్‌మెంట్లు, లెక్క సరిపోయింది. పన్ను శాఖ దగ్గర మాత్రం 462 బిల్లులు. జరగని అమ్మకానికి కూడా పన్ను లెక్క పడింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, 'జవాబు రాలేదు' అన్నదాన్ని 'ఫెయిల్' అని చూపించిన ప్రోగ్రాంది.

అందుకని మీ టేబుల్లో 'పంపాలి', 'అందింది', 'తిరస్కరించారు' అనే స్థితులతో పాటు 'తెలియదు' అన్నది కూడా ఉందో లేదో ముందు చూడండి. ప్రతి బిల్లునీ పంపడానికి ముందే 'తెలియదు' అని రాసి సేవ్ చేయాలి, జవాబు వచ్చాకే మార్చాలి. మధ్యలో కరెంటు పోయినా అప్పుడు నిజం నిలబడుతుంది. 'తెలియదు'లో ఉన్న బిల్లును నేరుగా మళ్లీ పంపకూడదు. ముందు ఆ బిల్లు నంబర్‌తో సర్వర్‌ని అడగాలి. ఉంటే అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ తెచ్చి రాసుకోవాలి. లేదంటే పావుగంట ఆగి ఇంకోసారి అడగాలి, ఎందుకంటే బిల్లు అటువైపు క్యూలో ఉండిపోయి ఉండొచ్చు. అప్పటికీ లేకపోతేనే పంపాలి, అదీ అదే నంబర్‌తో, అదే మొత్తంతో. 'డూప్లికేట్' అన్న జవాబును కూడా తిరస్కరణగా చూడకండి. అటున్న బిల్లు మొత్తం మన బిల్లుతో సరిపోతే అది అందినట్టే.

202 అనే కోడ్ వస్తే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. దాని అర్థం 'తీసుకున్నాం, ఇంకా చూడలేదు' అని మాత్రమే. దాంతో వచ్చే రిఫరెన్స్ నంబర్ అక్నాలెడ్జ్‌మెంట్ కాదు. రెండింటినీ వేర్వేరు కాలమ్‌లలో పెట్టండి. 429 వస్తే మీరు మరీ తొందరగా అడుగుతున్నట్టు. `Retry-After` హెడర్ ఉంటే అది చెప్పినంతసేపు ఆగాలి.

షెడ్యూల్ విషయంలో రెండు మాటలు. సరిగ్గా అర్ధరాత్రి 12కి పెట్టకండి, చాలామంది అదే టైమ్ పెడతారు. నెలాఖరు వారంలో రోజుకి ఒక్కసారి కాకుండా రెండు మూడుసార్లు నడిపితే చివరి విడత చిన్నదవుతుంది. అయితే పాత విడత ముగియకుండా కొత్తది మొదలవకుండా లాక్ ఉండాలి. లేకపోతే ఒకే బిల్లును రెండు ప్రోగ్రాంలు ఒకేసారి పట్టుకుంటాయి.

ప్రతి ఉదయం తేదీ మార్చి డేటాబేస్‌ని ఈ చిన్న ప్రశ్న అడగండి:

```sql
SELECT status, COUNT(*), SUM(total)
FROM invoice_push
WHERE invoice_date = '2025-06-30'
GROUP BY status;
```

ఇది మన వైపు లెక్క మాత్రమే. ఆ 462 సంగతి దీనిలో కనిపించదు. అందుకే పన్ను శాఖ వైపు నుంచి ఆ రోజు జాబితా దించుకుని, బిల్లు నంబర్ల వారీగా పక్కపక్కన పెట్టి చూడాలి. అటు ఉండి ఇటు లేనివి, ఇటు రద్దయినా అటు బతికే ఉన్నవి, ఈ రెండు రకాలూ విడిగా తీయండి. ఆ జాబితాను నెలాఖరుకి నాలుగైదు రోజుల ముందే ఒకసారి పోల్చండి, పాత తేడాలు అప్పుడే సరిచేసుకోవచ్చు.

ఇంకొకటి. తప్పు జరిగినప్పుడే మెసేజ్ వచ్చేలా పెట్టుకుంటే, షెడ్యూల్ అసలు నడవని రాత్రి ఫోన్ మోగదు. అంతా బాగున్న రోజు కూడా 'ఇన్ని పంపాం, ఇన్ని అందాయి, ఇన్ని తెలియదు' అని ఒక మెసేజ్ రావాలి. ఫలానా టైమ్‌కి అది రాకపోతే ఎవరు లేచి చూడాలో పేరు రాసి పెట్టుకోండి.