ఎన్ని పడవలు దిగితే ఎన్ని చేపలు: ఎవరైనా దిగగలిగే సరస్సుకూ, అందరికీ మేలైన వేటకూ తేడా లెక్కకట్టడం ఎలా?

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. చేపల వేటలో ఆ గొర్రె ఎందుకు చస్తుందో, ఎంతవరకు వెళ్లాక జనం ఆగుతారో, అసలు ఎక్కడ ఆగి ఉండాల్సిందో కాగితం మీద లెక్క కట్టొచ్చు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు. ఈ లెక్కకు పునాది వేసింది 1954లో కెనడా ఆర్థికవేత్త హెచ్. స్కాట్ గోర్డన్. ఇక్కడ ఒక ఊహా సరస్సును తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం, పక్కన కాగితం పెట్టుకోండి.

1. ఖర్చును కూడా చేపల్లోనే కొలవండి

డబ్బుల్లో లెక్క మొదలుపెడితే ధర మారినప్పుడల్లా తికమక పడతాం. అందుకే అన్నీ కిలోల చేపల్లో పెట్టుకుందాం. ఒక పడవ ఒక రోజు వేటకు వెళ్తే అయ్యే ఖర్చు 20 కిలోల చేపల విలువ అనుకోండి. ఇందులో డీజిల్, ఐసు, వల అరుగుదల మాత్రమే కాదు, పడవ మీద ఉన్నవాళ్లు ఆ రోజు వేరే పనికి వెళ్తే సంపాదించే కూలి కూడా ఉండాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, సొంత పడవలో సొంత కష్టమే కదా ఖర్చేముంది అని. అది వదిలేస్తే తర్వాత వచ్చే ప్రతి అంకె తప్పుతుంది.

2. పడవలు పెరిగితే ఒక్కో పడవకు ఎంత తగ్గుతుందో రాయండి

మన సరస్సులో n పడవలు రోజూ తిరుగుతుంటే ఒక్కో పడవకు దొరికేది ఇదీ:

```
ఒక్కో పడవకు = 100 - 2n  (కిలోలు)
మొత్తం      = n × (100 - 2n)
```

అంటే కొత్త పడవ ఒకటి దిగితే ప్రతి పడవకూ రోజుకు 2 కిలోలు తగ్గుతాయి. ఎందుకు తగ్గుతాయంటే, చేపలు పెట్టే సంతానం నీళ్లలో మిగిలిన చేపలను బట్టి ఉంటుంది కాబట్టి. ఎక్కువ పడితే మిగిలేవి తక్కువ, మిగిలినవి పల్చబడితే వల వేసినప్పుడు పడేవీ తక్కువే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ అంకెలు కొత్త పడవ దిగిన మొదటి రోజువి కావు. అన్ని పడవలు ఏళ్ల తరబడి అలాగే వేటాడి, చేపల సంఖ్య ఒక చోట నిలకడగా కుదురుకున్నాక దొరికే సగటు. మొదటి రోజు కొత్త పడవకు బాగానే పడతాయి, పాతవాళ్లకూ పెద్దగా తేడా తెలియదు. దెబ్బ మెల్లగా తగులుతుంది, అందుకే ఎవరి వల్ల తగిలిందో ఎవరూ చెప్పలేరు.

3. పట్టిక వేయండి

| పడవలు | ఒక్కో పడవకు | మొత్తం దిగుబడి | మొత్తం ఖర్చు | మిగులు |
|---|---|---|---|---|
| 10 | 80 | 800 | 200 | 600 |
| 20 | 60 | 1200 | 400 | 800 |
| 25 | 50 | 1250 | 500 | 750 |
| 30 | 40 | 1200 | 600 | 600 |
| 40 | 20 | 800 | 800 | 0 |

కాసేపు దీన్నే చూడండి. 10 పడవలు తెచ్చేది 800 కిలోలు, 40 పడవలు తెచ్చేదీ అదే 800 కిలోలు. నాలుగింతల డీజిల్, నాలుగింతల మనుషులు, అవే చేపలు!

4. ఎవరైనా దిగొచ్చంటే ఎక్కడ ఆగుతుందో కనుక్కోండి

లైసెన్సు లేదు, అడిగేవాడు లేడు. ఒడ్డున నిలబడ్డ మనిషి ఒక్కటే చూస్తాడు: నేను దిగితే నాకు పడేది నా ఖర్చు కంటే ఎక్కువా? 30 పడవలు ఉన్నప్పుడు ఒక్కో పడవకు 40 కిలోలు వస్తున్నాయి, ఖర్చు 20, కాబట్టి దిగుతాడు. అతన్ని చూసి ఇంకొకడు. ఒక్కో పడవ దిగుబడి ఖర్చుతో సమానమయ్యేదాకా ఇది ఆగదు.

100 - 2n = 20 అని రాస్తే n = 40. అదే ఓపెన్ యాక్సెస్ వేట: 40 పడవలు, 800 కిలోలు, మిగులు సున్నా. సున్నా అంటే జనం ఆకలితో ఉన్నారని కాదు. బయట కూలికి వెళ్లినా వచ్చేంతే ఇక్కడా వస్తోందని అర్థం, కూలిని ఖర్చులోనే కలిపాం కదా. సరస్సు అంటూ ఒకటి ఉన్నందుకు ఈ జనానికి అదనంగా మిగిలింది ఏమీ లేదన్నమాట.

5. అందరికీ మేలైన చోటు కనుక్కోండి

ఇప్పుడు సరస్సు మొత్తం ఒకే కుటుంబానిది అనుకోండి. వాళ్లు ఒక్కో పడవకు సగటున ఎంత వస్తోందని చూడరు, ఇంకో పడవ దించితే మొత్తంలో ఎంత కలుస్తుందని చూస్తారు. కీలకమంతా ఈ రెండు ప్రశ్నల తేడాలోనే ఉంది, కాబట్టి ఒక్క పడవను దగ్గరగా చూద్దాం.

20 పడవలు తిరుగుతున్నాయి, మొత్తం 1200 కిలోలు. 21వ పడవ దిగింది. ఇప్పుడు ఒక్కో పడవకు 58, మొత్తం 21 × 58 = 1218 కిలోలు. కొత్త పడవ యజమాని ఒడ్డుకు తెచ్చేది 58 కిలోలు, ఖర్చు 20 పోను 38 కిలోలు లాభం, తెగ సంతోషం. కానీ సరస్సు మొత్తంలో పెరిగింది 18 కిలోలే. మిగతా 40 ఎక్కడివి? పాత 20 పడవల నుంచి తలా 2 కిలోలు. అతను దొంగతనం చేయలేదు, ఎవరి వలా కోయలేదు, అయినా అతని బుట్టలో 40 కిలోలు పక్కవాళ్లవే. 18 కిలోలు కలపడానికి 20 కిలోల ఖర్చు పెట్టారు కాబట్టి, అందరినీ కలిపి చూస్తే 2 కిలోలు నష్టం.

అదే 20వ పడవను చూడండి: 19 పడవలకు మొత్తం 1178, 20 పడవలకు 1200, పెరిగింది 22, ఖర్చు 20. అది దిగడం సబబే. కాబట్టి ఆగాల్సింది 20 దగ్గర. సూత్రంగా కావాలంటే, కొత్త పడవకు పడే 100 - 2n లోంచి మిగతా పడవలకు తగ్గే 2n తీసేస్తే మొత్తంలో కలిసేది దాదాపు 100 - 4n. 100 - 4n = 20, n = 20.

చాలామంది (మొదటిసారి చేసినప్పుడు నేనూ అంతే) 25 దగ్గర ఆగిపోతారు, అక్కడ దిగుబడి అన్నిటికన్నా ఎక్కువ కదా అని. కానీ 20 నుంచి 25కి వెళ్తే వచ్చే అదనపు చేపలు 50 కిలోలు, పెట్టే అదనపు ఖర్చు 100 కిలోలు. గరిష్ఠ దిగుబడి వేరు, గరిష్ఠ మిగులు వేరు. పైగా 20 దగ్గర ఆగితే నీళ్లలో చేపలు కూడా ఎక్కువ ఉంటాయి. ఒక్కో పడవకు పడేది నీళ్లలో ఉన్న చేపలకు తగ్గట్టే ఉంటుందన్న ఈ లెక్క ప్రకారం వేటే లేనప్పుడు ఉండే చేపల్లో 60 శాతం మిగులుతాయి, 25 పడవలకు 50 శాతం, 40 పడవలకు 20 శాతమే.

6. దిగుబడిని మాత్రమే చూసి తీర్పు చెప్పకండి

అతి వేట అంటే ఎక్కువ చేపలు పట్టడం అనుకుంటాం. మన పట్టికలో మాత్రం అతి వేటలో పడ్డవే తక్కువ, 1200 బదులు 800. అయితే ఎప్పుడూ ఇలాగే ఉంటుందనీ కాదు. ఖర్చు 20 బదులు 60 కిలోలు పెట్టి మళ్లీ చేయండి. ఓపెన్ యాక్సెస్‌లో 20 పడవలు, 1200 కిలోలు. మేలైన చోట 10 పడవలు, 800 కిలోలు. ఇప్పుడు తలుపులు తెరిచి పెట్టినప్పుడే ఎక్కువ చేపలు పడుతున్నాయి, అయినా మిగులు సున్నా, 10 పడవలైతే మిగులు 200. రెండు లెక్కల్లోనూ మారనిది ఒకటే: పడవలు ఉండాల్సినదానికి రెట్టింపు ఉన్నాయి. (సరిగ్గా రెట్టింపు రావడం మనం సరళరేఖ తీసుకున్నందువల్ల. నిజం సరస్సులో ఆ అంకె మారుతుంది.)

ఇప్పుడు ఖర్చును 10కి దించండి, ప్రభుత్వం డీజిల్‌కు సబ్సిడీ ఇచ్చిందనుకుని. 100 - 2n = 10, n = 45, దిగుబడి 45 × 10 = 450. పడవలు పెరిగాయి, చేపలు 800 నుంచి 450కి పడిపోయాయి, మిగులు మళ్లీ సున్నాయే. సబ్సిడీ డబ్బు ఎవరికీ అదనంగా మిగలలేదు, మొత్తం వేటలోనే కరిగిపోయింది. చేపల ధర పెరిగినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే కిలోల్లో చూస్తే ఖర్చు తగ్గినట్టే.

7. తేడాను పూడ్చే ఫీజు లెక్కకట్టండి

20 పడవలు ఉన్నప్పుడు ఒక్కో పడవకు 60 వస్తుంది, ఖర్చు 20. ఆ మధ్యలో ఉన్న 40 కిలోల విలువనే రోజు ఫీజుగా పెడితే 21వ మనిషి లెక్క వేసుకుని ఒడ్డునే ఉండిపోతాడు: 58 వస్తుంది, 60 పోతుంది. ఫీజు మొత్తం 20 × 40 = 800, అంటే మిగులంతా. దీన్ని వసూలు చేసి అలాగే దాచుకుంటే వేటగాళ్లకు ఓపెన్ యాక్సెస్‌కూ దీనికీ తేడా ఉండదు, అప్పుడూ కూలే ఇప్పుడూ కూలే, పైగా 20 పడవలవాళ్లు బయటికి పోయారు. ఆ 800లోంచి వాళ్లకు తిరిగి ఇవ్వకపోతే ఎందుకు ఒప్పుకుంటారు?

8. నిజం అంకెలు పెట్టేటప్పుడు ఎక్కడ దెబ్బతింటామో చూసుకోండి

పడవకు ఎంత పడుతోందో చూసి నీళ్లలో ఎన్ని ఉన్నాయో అంచనా వేయడం అన్నిటికన్నా ప్రమాదం. గుంపులుగా తిరిగే చేపలు తగ్గేకొద్దీ మిగిలినవి ఒకచోట చేరతాయి, పడవలకు ఆ చోటు తెలుసు, కాబట్టి వల నిండుతూనే ఉంటుంది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ చేపలకు 1980లలో ఇదే జరిగింది. వాణిజ్య ట్రాలర్ల దిగుబడి భరోసా ఇస్తూ వచ్చింది, పరిశోధన నౌకల సర్వేలు అంత బాగున్నట్టు చూపలేదు. 1992 జూలైలో వేటనే ఆపేయాల్సి వచ్చింది. కాబట్టి ఒకే వల, ఒకే పద్ధతితో, చేపలు ఉన్నా లేకపోయినా ముందే అనుకున్న చోట్లన్నిటిలో వేసి చూసిన అంకెలే 2వ మెట్టులో వాడండి.

రెండో దెబ్బ, మొత్తం దిగుబడికి హద్దు పెట్టి పడవలను వదిలేయడం. రోజుకు 1200 కిలోలే అన్నారనుకోండి, ఎవరి వాటా ఎంతో చెప్పలేదు. అందరూ తెల్లవారకముందే ఎగబడతారు, ఇంకా పెద్ద ఇంజిన్లు కొంటారు. చేపలు మిగులుతాయి, డబ్బు మిగలదు. అలాస్కాలో హాలిబట్ చేపల సీజన్ 1990ల మొదట్లో కొన్ని ప్రాంతాల్లో ఏడాదికి రెండు మూడు రోజులకు కుదించుకుపోయింది, ఆ రోజుల్లో తుఫాను వచ్చినా సముద్రంలోకి వెళ్లాల్సిందే. 1995లో ఒక్కొక్కరికి వాటా ఇచ్చి, దాన్ని అమ్ముకునే వీలు కల్పించాక సీజన్ దాదాపు 8 నెలలకు సాగింది, పడవలూ తగ్గాయి. అయితే ఆ వాటాలను పాత రికార్డుల ప్రకారం పడవ యజమానులకు ఉచితంగా ఇచ్చారు. అదే పడవల మీద పనిచేసిన కూలీలకు రాలేదు, తర్వాత వేటలోకి రావాలనుకున్నవాళ్లు కొనుక్కోవాల్సి వచ్చింది.