వినియోగదారుల డేటా ఆడిట్ – మూడో పాఠం: సమ్మతికి రుజువు వెతకడం

మొదటి రెండు పాఠాల్లో దుకాణంలో కస్టమర్ల సమాచారం ఎక్కడెక్కడ ఉందో, ఎవరి చేతుల్లోకి వెళ్తోందో పట్టిక వేసుకున్నాం. ఈ పాఠంలో ఆ పట్టికలోంచి ఒక్క వరసే తీసుకుంటాం. అది ఆఫర్ మెసేజ్‌ల కోసం దాచిన ఫోన్ నంబరు. మూడు బ్రాంచీలున్న ఒక బట్టల దుకాణాన్ని ఉదాహరణగా పెట్టుకుందాం. బిల్లు వేసేటప్పుడు నంబరు అడుగుతారు, పండగకు ముందు అందరికీ ఎస్సెమ్మెస్ పంపుతారు. ఊరూరా ఉన్న పద్ధతే కాబట్టి నేర్చుకోవడానికి ఇది అనువైన చోటు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో నోటిఫై అయింది. వ్యాపారాల మీద పడే ముఖ్య బాధ్యతలు అప్పటినుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. ఆడిట్ అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఇవాళ సేకరించే నంబర్లే ఆ రోజుకీ ఫైల్లో ఉంటాయి.

మన పనికి ఆ చట్టంలో రెండు సెక్షన్లు ఆయువుపట్టు. సెక్షన్ 7 కింద చట్టమే ఒక మందుల దుకాణం ఉదాహరణ ఇచ్చింది. కొన్నావిడ తనంతట తాను నంబరిచ్చి, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమంటే, ఆ రసీదు పంపడానికి దుకాణం ఆ నంబరు వాడుకోవచ్చు. దానికి విడిగా సమ్మతి అక్కర్లేదు. అదే నంబరుకు మర్నాడు డిస్కౌంట్ మెసేజ్ పంపితే అది వేరే పని, దానికి సమ్మతి కావాలి. రెండోది సెక్షన్ 6. వివాదం వస్తే, ఏ సమాచారం దేనికి తీసుకుంటున్నామో చెప్పే నోటీసు ఇచ్చామని, సమ్మతి చట్టప్రకారం తీసుకున్నామని రుజువు చేయాల్సింది వ్యాపారమే. కస్టమరు ఏదీ నిరూపించనక్కర్లేదు. కాబట్టి ఆడిటరు అడగాల్సిన ప్రశ్న "మీరు సమ్మతి తీసుకుంటున్నారా?" అని కాదు. దానికి అందరూ అవుననే అంటారు. "ఈ నంబరుకు సమ్మతి చూపించండి" అనాలి.

నమూనా ఎక్కడినుంచి తీయాలి

చాలామంది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి కస్టమర్ల జాబితా తీసుకుని మొదలుపెడతారు. అలా చేస్తే దుకాణం దగ్గర ఏముందో తెలుస్తుంది గానీ, ఎవరికి పంపిందో తెలియదు. చివరి ప్రచారానికి ఎస్సెమ్మెస్ పంపే సంస్థకు అప్‌లోడ్ చేసిన ఎక్సెల్ ఫైలే అడగండి. మేనేజర్ కొత్తగా తయారుచేసి ఇచ్చిన కాపీ వద్దు. ఆ సంస్థ పోర్టల్‌లో ప్రచార రిపోర్టు తెరిపించి, మీ ఎదురుగానే డౌన్‌లోడ్ చేయించుకోండి. రిపోర్టులో ఉన్న సంఖ్యకూ ఫైల్లోని వరసల సంఖ్యకూ తేడా ఉంటే, ముందు ఆ తేడా సంగతి తేల్చాలి.

అందులోంచి 25 నంబర్లు ఏరండి. అన్నీ కళ్లు మూసుకుని ఏరితే పాత తప్పులు దొరక్కపోవచ్చు. పది నంబర్లు గత మూడు నెలల్లో చేరినవి, పది రెండేళ్ల కంటే పాతవి, మిగతా అయిదు కౌంటర్ మీద కాకుండా వేరే దారిలో వచ్చినవి తీసుకోండి. లక్కీ డ్రా కూపన్లు, ఎగ్జిబిషన్ స్టాల్ రిజిస్టరు, సేల్స్‌మన్ సొంత ఫోన్లోని వాట్సాప్ కాంటాక్టులు ఆ దారులు. చివరిదాన్ని మర్చిపోవద్దు. కొత్త చీరల ఫొటోలు పాత కస్టమర్లకు సేల్స్‌మన్ తన ఫోన్లోంచే పంపడం మామూలు. దుకాణం తరఫున జరుగుతున్నంతవరకూ అది దుకాణం బాధ్యతే, అతను ఉద్యోగం మానేసినా ఆ నంబర్లు అతని జేబులోనే ఉంటాయి.

రుజువు అంటే ఏముండాలి

ఒక్కో నంబరుకూ కింద చూపినటువంటి ఒక వరస దొరకాలి:

```
number,datetime,branch,channel,notice_ver,purpose,action,withdrawn_on
XXXXXX4417,2025-09-14 18:42,B2,counter-QR,N3-te,offers,tapped-yes,
```

ఇందులో ఎక్కువగా దొరకనిది `notice_ver`. సమ్మతి ఇచ్చిన రోజున కస్టమరుకు ఏ మాటలు కనిపించాయో చెప్పేది అదే. ఏ సమాచారం తీసుకుంటున్నారు, దేనికి, వద్దనుకుంటే ఎలా ఆపాలి, డేటా పరిరక్షణ బోర్డుకు ఫిర్యాదు ఎలా చేయాలి అన్నవి నోటీసులో ఉండాలి. ఇంగ్లీషులో గానీ, తెలుగుతో సహా ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదైనా ఎంచుకుని గానీ చదువుకునే వీలు కస్టమరుకు ఉండాలి. నోటీసు మార్చినప్పుడల్లా పాత కాపీని తేదీతో దాచకపోతే, రెండేళ్ల నాటి సమ్మతి దేనికి ఇచ్చిందో చెప్పే ఆధారమే మిగలదు.

ఇక మన దుకాణంలో 25 నంబర్లకూ ఏం తేలిందో చూద్దాం. పన్నెండింటికి పూర్తి రికార్డు ఉంది. ఏడింటికి సమ్మతి తేదీ ఉంది గానీ, ఏడూ ఒకే రోజు తెల్లవారుజామున 2 గంటలకు, ఒకే సెకనులో నమోదయ్యాయి. ఆ వేళకు దుకాణం తెరిచి ఉండదు. సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు పాత జాబితా మొత్తానికీ ఎవరో ఒకేసారి "యెస్" పెట్టేశారన్నమాట. అలాంటిది దొరికితే ఆ ఏడింటితో ఆగకండి. ఫైలంతా అదే సమయం మీద ఫిల్టర్ చేసి ఎన్ని వేల వరసలున్నాయో రిపోర్టులో రాయండి.

నాలుగు నంబర్లు ఒకే బ్రాంచి, ఒకే కౌంటర్‌వి. రికార్డు చూస్తే అన్ని గళ్లూ నిండి ఉన్నాయి. కానీ ఆ కౌంటర్‌లో ఒక నెల బిల్లులన్నీ తీస్తే, నంబరు ఇచ్చిన ప్రతి ఒక్కరూ ఆఫర్లకు ఒప్పుకున్నట్టే ఉంది. ఒక్కరు కూడా వద్దనలేదంటే టిక్కు ముందే పెట్టి ఉందని అనుమానించాలి. కౌంటర్ దగ్గరకు వెళ్లి కొత్త బిల్లు తెరిపించి చూస్తే తేలిపోతుంది. సమ్మతి స్పష్టమైన చర్యతో ఇవ్వాలని చట్టం అంటోంది. ముందే పెట్టి ఉన్న టిక్కులో కస్టమరు చేసిన చర్య ఏదీ లేదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. టిక్కు ఖాళీగా ఉన్నా స్క్రీన్ క్యాషియర్ వైపే ఉంటుంది. కస్టమరు నంబరు చెబుతారు, క్యాషియర్ టిక్కు పెడతాడు, నోటీసు మాత్రం కస్టమరు కంటపడదు. దీన్ని కూడా లోపంగానే రాయండి. కౌంటర్ మీద తెలుగు, ఇంగ్లీషు నోటీసుతో క్యూఆర్ కోడ్ అంటించి, ఆఫర్లు కావాలనుకున్నవాళ్లే తమ ఫోన్లో ఒప్పుకునేలా చేయించడం చిన్న దుకాణానికి చవకలో అయిపోయే మార్గం. జాబితా తగ్గిపోతుందని యజమాని ఒప్పుకోకపోవచ్చు. తగ్గుతుంది కూడా, ఆ మాట దాచకండి.

మిగిలిన రెండు నంబర్లకు ఏ రికార్డూ లేదు. "మా టెంప్లేట్ డీఎల్‌టీలో అప్రూవ్ అయింది కదా" అన్న జవాబు వస్తుంది. డీఎల్‌టీ అంటే వ్యాపార మెసేజ్‌లను టెలికాం సంస్థల దగ్గర ముందే నమోదు చేసే వ్యవస్థ. అందులో టెంప్లేటు ఆమోదం మెసేజ్‌లోని మాటలకు సంబంధించింది. ఫలానా కస్టమరు ఒప్పుకున్నట్టు అది చెప్పదు.

పాత నంబర్లన్నీ చెరిపేయాలా అంటే, అక్కర్లేదు. చట్టం అమల్లోకి రాకముందు నిజంగా సమ్మతి ఇచ్చినవాళ్లకు, వచ్చాక వీలైనంత త్వరగా నోటీసు పంపాలి. వాళ్లు వద్దనేవరకూ వాడుకోవచ్చు. రాత్రి 2 గంటల ఏడు నంబర్లకు ఈ వెసులుబాటు వర్తించాలంటే, అంతకుముందు అసలు సమ్మతి ఉన్నట్టు పాత కూపనో ఫారమో చూపించాలి.

వద్దన్నవాళ్లకు మళ్లీ వెళ్లిందా

సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలి. దీన్ని మీ నంబరుతోనే పరీక్షించండి. ఒక జేబురుమాలు కొని, నంబరిచ్చి, ఆఫర్లకు ఒప్పుకోండి. మొదటి మెసేజ్ రాగానే ఆపమని అడగండి. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు సరిపోయి, ఆపడానికి ఈమెయిల్ రాయాల్సి వస్తే అది లోపమే.

తర్వాత వద్దన్నవాళ్ల జాబితాను, పంపిన ఫైలుతో పోల్చాలి. నేరుగా పోలిస్తే తప్పు ఫలితం వస్తుంది. ఒక చోట ముందు 91 ఉంటుంది, ఇంకో చోట సున్నా, మరో చోట మధ్యలో ఖాళీ. కాబట్టి పంపిన ఫైలును అదే వర్క్‌బుక్‌లో sent అన్న పేరుతో షీటుగా పెట్టి, రెండు షీట్లలోనూ మొదట A కాలమ్‌లోని నంబరులో చివరి పది అంకెలే B కాలమ్‌లోకి తెచ్చుకుని, ఆ తర్వాత వద్దన్నవాళ్ల షీటులో లెక్కపెట్టండి:

```
=RIGHT(SUBSTITUTE(A2," ",""),10)
=COUNTIF(sent!B:B,B2)
```

రెండో ఫార్ములాలో సున్నా కాక వేరే అంకె వచ్చిన ప్రతి వరసా, వద్దన్నాక కూడా మెసేజ్ వెళ్లిన మనిషి. అయితే వద్దన్న తేదీ ప్రచారం తేదీకి ముందుదో కాదో చూసుకున్నాకే లోపమని రాయండి. అసలు కారణం చాలాసార్లు ఒకటే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నంబరు తీసేస్తారు గానీ, ప్రచారానికి పాత ఎక్సెల్‌నే మళ్లీ ఎక్కిస్తారు. "పంపకూడని నంబర్లు" అన్న జాబితా విడిగా ఉంచి, అప్‌లోడ్‌కు ముందు ప్రతి ఫైలునీ దాంతో వడకట్టడమే మందు.

ఎంతకాలం ఉంచాలి

వద్దన్నారు కదా, చెరిపేశారా అని అడిగితే "జీఎస్టీకి ఆరేళ్లు దాచాలి సార్" అంటారు. సగమే నిజం. ఖాతా పుస్తకాలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు తేదీనుంచి 72 నెలలు ఉంచాలి. 2025 జూన్‌లో వేసిన బిల్లు 2025-26కు చెందుతుంది, దాని వార్షిక రిటర్ను గడువు 2026 డిసెంబరు 31, కాబట్టి ఆ బిల్లు 2032 డిసెంబరు 31 దాకా ఉండాలి. కానీ జీఎస్టీ బిల్లులో తప్పక ఉండాల్సిన వివరాల్లో కస్టమరు ఫోన్ నంబరు లేదు. బిల్లు ఉంటుంది, ఆఫర్ల జాబితాలో నంబరు ఉండాలన్న అవసరం దానివల్ల రాదు. ఇక 2025 నియమావళి, వాడిన డేటానూ దాని లాగ్‌లనూ ఆ వాడకం తేదీనుంచి కనీసం ఏడాది ఉంచమంటోంది. అందుకని వద్దన్న రోజే వాడకం ఆపి, నంబరును ప్రచార సిబ్బందికి అందకుండా లాక్ చేసి, ఆ ఏడాది నిండాక చెరపాలి. గడువుల పట్టికలో ఈ రెండు తేదీలకూ రెండు గళ్లు ఉన్నాయా చూడండి. "ఆరేళ్లు" అని ఒకే గడి ఉంటే అది పనికిరాని పట్టిక.

ఇంటిపని

నాలుగో పాఠం డేటా బయటపడ్డప్పుడు చేయాల్సిన పనుల మీద. అప్పుడు బాధితులకూ డేటా పరిరక్షణ బోర్డుకూ ఆలస్యం లేకుండా చెప్పాలి, తెలిసినప్పటినుంచి 72 గంటల్లో బోర్డుకు పూర్తి వివరాలివ్వాలి. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు అంతకంటే ముందే, గమనించిన 6 గంటల్లో చెప్పాలి. దానికి సిద్ధం కావడానికి ఇదే 25 నంబర్ల షీటులో ఇంకో కాలమ్ చేర్చండి. ఆ నంబరు ఈ క్షణంలో ఉన్న చోట్లన్నీ అందులో రాయండి: బిల్లింగ్ సర్వరు, ఎస్సెమ్మెస్ పోర్టల్, మేనేజర్ ల్యాప్‌టాప్‌లోని డౌన్‌లోడ్స్ ఫోల్డరు, అకౌంటెంట్ ఈమెయిల్. ప్రతి చోటికీ ఎవరి లాగిన్‌తో వెళ్లగలరో పక్కనే రాయండి. ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ కనిపిస్తే ఎర్ర రంగు వేసి, నాలుగో పాఠం దాకా ఆగకుండా అదే రోజు మూయించండి.