టీవీ వెనకున్న ఆండ్రాయిడ్ బాక్స్ మీ నెట్‌ను ఇతరులకు అమ్ముతోందా? రాత్రిపూట తేల్చుకోవడం ఎలా

పలాసలో ఒక ఇల్లు అనుకుందాం. టీవీకి పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్స్ ఒకటి తగిలించారు. చందా కట్టకుండానే అన్ని సినిమాలూ వస్తాయని చెప్పి అమ్మిన రకం అది. సినిమాలు వస్తున్నాయి, ఎవరికీ అనుమానం లేదు. కానీ అలాంటి బాక్సుల్లో కొన్నింటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే రెండో పని అప్పజెప్పి ఉంటుంది. కరెంటు, నెట్ అందగానే అది ఎక్కడో ఉన్న సర్వర్‌కు తనంతట తానే కనెక్ట్ అవుతుంది. కనెక్షన్ ఇంట్లోంచే మొదలైంది కాబట్టి రౌటర్ అడ్డుకోదు. ఆ సర్వర్ "ఫలానా సైట్ తెరువు" అంటే బాక్స్ తెరిచి, వచ్చిన పేజీని వెనక్కి పంపుతుంది. సైట్‌కు మాత్రం అడిగింది పలాస ఇల్లే అన్నట్టు కనిపిస్తుంది. డేటా సెంటర్ల ఐపీ అడ్రసులను సైట్లు అనుమానిస్తాయి, ఇళ్ల అడ్రసులను నమ్ముతాయి. రెసిడెన్షియల్ ప్రాక్సీ వ్యాపారం ఆ నమ్మకాన్నే అమ్ముకుంటుంది.

బాడ్‌బాక్స్ 2.0 అనే ఇలాంటి నెట్‌వర్క్ గురించి 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. దానిలో కోటికి పైగా ఆండ్రాయిడ్ పరికరాలు చిక్కాయని ఆ తర్వాతి నెలలో కోర్టుకెక్కిన గూగుల్ చెప్పింది.

పట్టుకోవడానికి ఒక మంచి గుర్తు ఉంది. సినిమా చూసేటప్పుడు ఇంట్లోకి వచ్చే డేటా చాలా ఎక్కువ, బయటికి వెళ్లేది చాలా తక్కువ. ప్రాక్సీ పని అలా ఉండదు. తెచ్చిన ప్రతి పేజీనీ మళ్లీ బయటికి పంపాలి కనుక రాక, పోక దాదాపు సమానమవుతాయి.

రాత్రి 11 గంటలకు ఒక్కటి తప్ప ఇంట్లో మిగతా ఫోన్లన్నిటికీ వైఫై ఆపేయండి. సీసీ కెమెరాలు, కేబుల్ వాళ్లిచ్చిన సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గులు తీసేయండి. ఆండ్రాయిడ్ బాక్స్‌ను మాత్రం రిమోట్‌తో ఆపి, ప్లగ్గులోనే ఉంచండి. రిమోట్ నొక్కితే చాలా బాక్సుల్లో బొమ్మే పోతుంది, నెట్ పోదు. వైఫై ఉంచిన ఒకే ఒక్క ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి `192.168.1.1` కొట్టండి. అది తెరుచుకోకపోతే రౌటర్ అడుగున అంటించిన కాగితంలో సరైన అడ్రసు ఉంటుంది. లోపల, ఇంటికీ బయటి నెట్‌కూ మధ్య కదిలిన డేటాను చూపే `WAN Statistics` పేజీలో `Bytes Received`, `Bytes Sent` అంకెలను ఫొటో తీసుకుని, ఆ ఫోన్‌కు కూడా వైఫై ఆపేయండి. ఉదయం 5 గంటలకు మళ్లీ ఫొటో తీసి, కొత్త అంకెలోంచి పాతది తీసేయండి. వచ్చినదాన్ని పది లక్షలతో భాగిస్తే ఎంబీలు.

పలాస ఇంట్లో ఆ ఆరు గంటల్లో 1,620 ఎంబీ వచ్చి, 1,540 ఎంబీ వెళ్లిందనుకోండి. అందరూ నిద్రపోతున్న ఇంట్లో ఇంత డేటా, అదీ ఇంత సమానంగా కదలడం మామూలు విషయం కాదు. బాక్స్ అప్‌డేట్ దించుకుని ఉంటే రాక మాత్రమే పెరిగేది. మరుసటి రాత్రి బాక్స్ ప్లగ్గు కూడా తీసి ఇదే కొలవండి. రెండు అంకెలూ కొద్ది ఎంబీలకు పడిపోతే దోషి దొరికినట్టే.

కొలతలో పొరపాట్లు రెండు చోట్ల వస్తాయి. మధ్యలో కరెంటు పోతే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ఆ రాత్రి లెక్కను వదిలేయండి. కొన్ని పాత రౌటర్లలో అంకె సుమారు 4,295 ఎంబీ దాటగానే మళ్లీ సున్నాకు తిరుగుతుంది. ఉదయం అంకె రాత్రిదానికన్నా చిన్నదిగా ఉందంటే ఈ రెండింటిలో ఒకటి జరిగి ఉంటుంది. ఇక డేటా ఏమీ కదలకపోయినా వెంటనే నిశ్చింత పడొద్దు. ఆ రాత్రి మీ అడ్రసు ఎవరికీ అవసరపడలేదేమో, మరో రెండు మూడు రాత్రులు చూడండి.

దొరికాక ఫ్యాక్టరీ రీసెట్‌తో బాగుపడుతుందని ఆశపడకండి. రోగం సిస్టమ్ భాగంలోనే ఉంటే రీసెట్ దాని జోలికే పోదు. గెస్ట్ వైఫైకి మార్చితే మీ మిగతా పరికరాలకు కొంత రక్షణ దొరుకుతుంది గానీ, బయటివాళ్లు మీ అడ్రసు వాడుకోవడం ఆగదు. ప్లగ్గు తీసేయడమే మందు. చుట్టాలకు ఇచ్చినా, తక్కువ ధరకు అమ్మినా ఆ బెడద వాళ్లింటికి చేరుతుంది. వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చండి. కొత్తది కొనేటప్పుడు ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో `Play Protect certification` దగ్గర సర్టిఫై అయినట్టు ఉందో లేదో చూసుకోండి.

ఫోన్లు, కంప్యూటర్లకూ ఇదే ముప్పు ఉంది, ఉచిత వీపీఎన్‌ల రూపంలో వస్తుంది. 2024 మేలో అమెరికా మూయించిన 911 ఎస్5 నెట్‌వర్క్ అలా ఉచిత వీపీఎన్‌లు ఎక్కించుకున్న విండోస్ కంప్యూటర్ల మీదే నడిచింది, 1.9 కోట్ల ఐపీ అడ్రసులతో.

మీ అడ్రసు మీదుగా ఎవరైనా బ్యాంకు మోసం చేస్తే పోలీసులు నెట్ కంపెనీని అడుగుతారు, కంపెనీ లెక్కల్లో ఉండేది మీ ఇంటి కనెక్షనే. అందుకే తీసిన ఫొటోలను తేదీలతో సహా దాచండి, బాక్స్ కొన్న రసీదు ఉంటే దాన్నీ పారేయొద్దు. ఆరా తీస్తూ ఎవరైనా వస్తే బాక్స్‌ను అలాగే చూపించండి. మీరే ముందుగా ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే `cybercrime.gov.in` ఉంది, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.