లిథియం లెవల్ రిపోర్టు తేడాగా వచ్చిందా? ముందు టైము చూడండి

మూడ్ నిలకడగా ఉంచడానికి వాడే లిథియం మాత్ర డోసు మారలేదు, మనిషి బాగానే ఉన్నాడు, నిద్ర కూడా సరిగానే పడుతోంది. రిపోర్టులో మాత్రం ఎప్పుడూ 0.7 దగ్గర ఉండే లిథియం ఈసారి 1.1 అని వచ్చింది. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. కొందరు డాక్టర్‌ని అడగకుండానే ఆ రాత్రి మాత్ర ఆపేస్తారు. సైకియాట్రీ ఓపీలో ఇలాంటి కాగితాలు చూసీ చూసీ నేను అడిగేది రెండే: ముందురోజు రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, రక్తం ఎన్నింటికి ఇచ్చారు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆ రెండు టైములూ తెలియకపోతే ఆ అంకెను చదవడమే కుదరదు.

ఒక్క మినహాయింపు ఉంది. చేతులు బాగా వణకడం, నడుస్తుంటే తూలిపోవడం, మాట ముద్దగా రావడం, ఆగని వాంతులు, విరేచనాలు, మగతగా పడి ఉండడం ఉంటే టైము లెక్కలు వేస్తూ కూర్చోకండి. తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇక కింద రాసేదంతా మనిషి మామూలుగా ఉండి, కాగితం మాత్రమే తేడాగా ఉన్నప్పటి సంగతి.

లెవల్ ఎక్కువ వచ్చింది

నూటికి నూరుపాళ్లు ముందు అనుమానించాల్సింది ఉదయం మాత్రనే. రక్తం ఇవ్వకముందే అది కడుపులోకి వెళ్లిపోయి ఉంటుంది. "లేదండీ, ఏమీ తినకుండానే వచ్చాం" అంటారు. నిజమే, తినలేదు. ల్యాబ్ వాళ్లు "పరగడుపున రండి" అన్నారు, వీళ్లు టిఫిన్ మానేశారు, కాఫీ కూడా మానేశారు. కానీ నిద్రలేవగానే థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర, దాంతోపాటు లిథియం, గుక్కెడు నీళ్లతో వేసుకోవడం ఏళ్లనాటి అలవాటు. నీళ్లు తాగొచ్చన్నారు కదా, మాత్రకు ఏముంది అనుకుంటారు. అసలు లిథియం పరీక్షకు పరగడుపుతో పనే లేదు. షుగర్ పరీక్ష కూడా కలిపి రాసి ఉంటే దాని కోసం మాత్రమే పరగడుపు. లిథియానికి కావలసింది ఖాళీ కడుపు కాదు, చివరి మాత్రకూ సూదికీ మధ్య పన్నెండు గంటల దూరం.

అందుకే "తిన్నారా?" అని అడిగితే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏ మాత్రలు వేసుకున్నారు?" అని అడగాలి. డబ్బా తెచ్చి ఉంటే ఆ రోజు గడి ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునేవాళ్లతో ఇంకో చిక్కు. ఎనిమిదికి వస్తానన్న కుర్రాడు పదిన్నరకు వస్తాడు. "మాత్ర ఆలస్యమైపోతోంది" అని అమ్మ తొమ్మిదికే ఇచ్చేస్తుంది.

ఒకాయన సంగతి చెప్తాను. స్లో రిలీజ్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, రాత్రి రెండు. ఏడాదిగా లెవల్ 0.7, 0.75 మధ్యే. ఒకసారి 1.08 వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది, కొత్త మందులేవీ లేవు. కూపీ లాగితే రాత్రి మాత్రలు తొమ్మిదిన్నరకు, ఉదయం మాత్ర ఏడున్నరకు, రక్తం పదిన్నరకు. అంటే ఉదయం మాత్ర మింగిన మూడు గంటలకు తీసిన శాంపిల్. డోసు ముట్టుకోకుండా, మూడు రోజుల తర్వాత ఉదయం మాత్ర ఆపి తొమ్మిదిన్నరకు మళ్లీ తీయిస్తే 0.72. మొదటి కాగితం నమ్మి ఒక మాత్ర తగ్గించి ఉంటే ఆయన 0.5 దగ్గరకు జారేవాడు. కొన్నాళ్లకు నిద్ర తగ్గి, మాటలు పెరిగి మళ్లీ ఓపీకి వచ్చేవాడు.

ఇలా ఎందుకవుతుందంటే, మాత్ర మింగాక మొదటి కొన్ని గంటలు రక్తంలో లిథియం గబగబా పైకెక్కి, తర్వాత కణజాలాల్లోకి సర్దుకుంటూ దిగుతుంది. మామూలు మాత్రయితే ఒకటి నుంచి మూడు గంటల్లో శిఖరం, స్లో రిలీజ్ అయితే ఇంకా ఆలస్యం. పన్నెండు గంటలయ్యేసరికి ఆ గందరగోళం తగ్గి, నెమ్మదిగా దిగే దశలో ఉంటుంది. డాక్టర్లు చూసే 0.6 నుంచి 0.8, కొందరిలో 1.0 దాకా అనే హద్దులు పన్నెండు గంటల శాంపిల్‌ను బట్టి పెట్టినవే. మూడు గంటల శాంపిల్‌ను ఆ హద్దులతో పోల్చడానికి వీల్లేదు.

పరిష్కారం చాలా చిన్నది. పరీక్ష రోజు ఉదయం మాత్ర డబ్బాలోంచి తీసి పర్సులో పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్లండి. రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోండి. పొరపాటున ముందే వేసుకుంటే ఆ రోజు పరీక్ష మానేసి మర్నాడు చేయించండి. రాత్రి మాత్ర పెళ్లిలో ఉండి పన్నెండింటికి వేసుకుంటే, ఉదయం తొమ్మిదికి కాదు, మధ్యాహ్నం పన్నెండుకి ఇవ్వండి, అప్పటిదాకా ఉదయం మాత్ర ఆగాలి. అరగంట అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. రోజంతటికీ కలిపి ఒకే డోసు ఉదయం వేసుకునేవాళ్లు మాత్రం శాంపిల్ ఎప్పుడివ్వాలో డాక్టర్‌ని అడగండి. మాత్రకు ముందు తీస్తే అది ఇరవైనాలుగు గంటల శాంపిల్ అవుతుంది, దానికి ఈ హద్దులు వర్తించవు.

టైములన్నీ సరిగ్గా ఉండి కూడా ఎక్కువ వస్తే అప్పుడు మిగతావి చూడాలి: ఒళ్లునొప్పులకు కొనుక్కున్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, కొత్తగా మొదలైన కొన్ని బీపీ మాత్రలు, విరేచనాలు, ఎండదెబ్బ, హఠాత్తుగా ఉప్పు మానేయడం. వీటికి లిథియం నిజంగానే పెరుగుతుంది, ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి.

తక్కువ వచ్చింది, లేదా ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది

రాత్రి ఏడింటికి మాత్ర వేసుకుని మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు రక్తం ఇస్తే పద్దెనిమిది గంటలు. తక్కువే వస్తుంది. దాన్ని చూసి డోసు పెంచితే అసలు ప్రమాదం అక్కడే.

టైము సరిగ్గా ఉంటే, మధ్యలో మానేసిన రోజులు లెక్కపెట్టండి. లిథియం ఒంట్లోంచి సగం పోవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, నిలకడకు రావడానికి అయిదు నుంచి ఏడు రోజులు. వారమంతా అప్పుడప్పుడు వేసుకుని, పరీక్ష ఉందని చివరి రెండు రోజులు బుద్ధిగా వేసుకుంటే ఆ అంకె ఏ డోసుకూ సంబంధించింది కాదు. మానేసిన రోజులు డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, వారం క్రమంగా వేసుకున్నాక మళ్లీ పరీక్ష రాస్తారు. మర్చిపోయిన మాత్రకు బదులు తర్వాతి పూట రెండు వేయడం మాత్రం వద్దు. రాత్రి తొమ్మిది అనుకుంటే రోజూ తొమ్మిదే. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, భోజనం టైముకు ముడిపెట్టకండి, ఆదివారం భోజనం ఎన్నింటికవుతుందో ఎవరికీ తెలియదు.

అరుదైనవి

మనిషి చక్కగా తిరుగుతుంటే రిపోర్టులో 2, 3 అని వస్తే, ల్యాబ్‌కి ఫోన్ చేసి ఆకుపచ్చ మూత ట్యూబులో తీశారేమో కనుక్కోండి. వాటిలో కొన్నింట్లో రక్తం గడ్డకట్టకుండా వేసేది లిథియం హెపారిన్ అనే ఉప్పే. అది శాంపిల్‌లో కలిసి అంకెను పెంచేస్తుంది. తర్వాతి మాత్ర వేయాలా వద్దా అని డాక్టర్‌నే అడిగి, ఎరుపు లేదా పసుపు మూత సీరం ట్యూబులో అదే రోజు మళ్లీ తీయించండి.