ఆటలో ‘ఇంత సేపయింది’ అని గుర్తుచేసే పాప్-అప్‌లు పనిచేయాలంటే ఎలా పెట్టుకోవాలి?

ఆట మధ్యలో తెరపై ఒక పెట్టె వచ్చి ‘మీరు గంట నుంచి ఆడుతున్నారు’ అంటుంది. కింద రెండు బటన్లు: కొనసాగించు, ఆపు. దీన్నే రియాలిటీ చెక్ అంటారు. బ్రిటన్ లాంటి దేశాల్లో ఆన్‌లైన్ జూదానికి లైసెన్సు ఉన్న కంపెనీలు దీన్ని తప్పనిసరిగా పెట్టాలి. మన దగ్గర సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని, పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలపై నిషేధం తెచ్చింది. ఇంకా నడుస్తున్న విదేశీ సైట్లలో టైమర్ ఉన్నా దాన్ని నమ్ముకోవద్దు. మనం ఆడుతూ ఉంటేనే లాభపడేవాడి చేతిలోనే ఆ గడియారం కూడా ఉంది. ఆ సైట్లను తీసేయడమే పని. వాటికి టైమర్ పెట్టుకోవడం కాదు.

మిగిలింది ఉచిత చిప్స్‌తో ఆడే రమ్మీ, స్లాట్ బొమ్మల ఆటలు, తిప్పే చక్రాలు. వీటిలో గెలిచింది డబ్బుగా చేతికి రాదు. చిప్స్ అయిపోతే మాత్రం ‘ప్యాక్ కొనండి’ అంటాయి. టైమూ పోతుంది, కొంచెం కొంచెంగా డబ్బూ పోతుంది. వీటిలో చాలావాటికి సరైన రియాలిటీ చెక్ ఉండదు కాబట్టి ఫోన్‌తో మనమే తయారుచేసుకోవాలి. ముందు, ఇవి నిజంగా పనిచేస్తాయా అన్నది చూద్దాం.

పనిచేస్తాయి, కానీ చాలా కొద్దిగా. మైకేల్ ఆవర్, మార్క్ గ్రిఫిత్స్ అనే పరిశోధకులు ఒక ఆన్‌లైన్ స్లాట్ ఆటలో వరసగా వెయ్యి ఆటలు ఆడినవాళ్లకు పాప్-అప్ చూపిస్తే ఏమవుతుందో గమనించారు. పాప్-అప్ లేనప్పుడు ఆ వెయ్యో ఆట దగ్గర ఆగిపోయినవి 5 సెషన్లు. పెట్టాక 45. తొమ్మిది రెట్లు అంటే వినడానికి బాగుంటుంది గానీ, అక్కడి దాకా వచ్చిన సెషన్లలో అది సుమారు నూటికి ఒకటే. 2015లో వాళ్లే ఇంకో అధ్యయనంలో పాప్-అప్ మాటలు మార్చి చూశారు. మామూలు సందేశానికి 0.67 శాతం ఆగితే, ఆడేవాడు తన గురించి తాను ఆలోచించేలా రాసిన సందేశానికి 1.39 శాతం ఆగారు. మాట మార్చినందుకే రెట్టింపయింది. అయినా నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా ‘కొనసాగించు’ నొక్కేశారు.

ఎందుకు నొక్కేస్తారంటే, పెట్టె వచ్చేది పేకలు చేతిలో ఉన్నప్పుడు. ప్యూర్ సీక్వెన్స్ పడింది, ఇంకొక్క ముక్క వస్తే షో. ఆ క్షణంలో ఎవరు ఆపుతారు? రెండో కారణం, బొటనవేలికి అలవాటైపోతుంది. నాలుగైదు సార్లు వచ్చాక ఆ పెట్టెలో ఏం రాసుందో కన్ను చదవదు, వేలు మాత్రం బటన్ దగ్గరికి పోతుంది. మూడోది, ‘గంటయింది’ అన్న మాటకు జవాబు ఏమిటో ముందే అనుకుని ఉండరు. అప్పటికప్పుడు నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ఆటే గెలుస్తుంది.

కాబట్టి మనం పెట్టుకునే టైమర్‌కు మూడు గుణాలు ఉండాలి. ఆపడానికి లేవాల్సి రావాలి. పోయింది ఎంతో మన లెక్కలోనే చూపించాలి. మోగాక ఏం చేయాలో ఆడటం మొదలుపెట్టకముందే తేలిపోయి ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా రిసెప్షన్‌లో ఒక కుర్రవాడు. చెన్నై, బెంగళూరు బస్సులు దిగినవాళ్లకు గదులిచ్చే హడావిడి సద్దుమణిగాక చిప్స్ రమ్మీ తెరుస్తాడు. అరగంట అనుకుంటాడు, రెండు గంటలవుతుంది. నెలలో మూడు నాలుగు సార్లు చిప్స్ ప్యాక్ కొంటాడు. ఇతనికి ఏం పెట్టాలి?

మొదటి అడుగు: ఫోన్ టైమర్

ఆండ్రాయిడ్ ఫోన్‌లో Settings తెరిచి Digital Wellbeing & parental controls లోకి వెళ్లాలి. అక్కడ Dashboard నొక్కితే ఏ యాప్ ఎంతసేపు వాడామో కనిపిస్తుంది. ఏమీ మార్చకుండా ముందు ఒక వారం ఈ అంకెలే చూడండి. మన అంచనాకూ దీనికీ ఎంత తేడా ఉందో తెలియకుండా పెట్టిన పరిమితి నిలబడదు. రోజుకు రెండు గంటలు ఆడేవాడు పది నిమిషాలని పెడితే మూడో రోజుకే తీసేస్తాడు. సగానికి తగ్గించి, రెండు వారాలయ్యాక మళ్లీ సగం చేయడం మేలు. వారం అయ్యాక యాప్ పేరు పక్కనున్న ఇసుక గడియారం గుర్తు నొక్కి టైమ్ పెట్టాలి. ఆ టైమ్ అయిపోగానే యాప్ గుర్తు వెలిసిపోయి, ఆట ఆగిపోతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది, చాలామంది దీన్ని గమనించరు. ఈ టైమర్ అర్ధరాత్రి పన్నెండుకు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఐఫోన్‌లోనూ అంతే. మన కుర్రవాడు అరగంట పెట్టుకున్నాడనుకోండి. వీక్లీ ఆఫ్ తర్వాత డ్యూటీకి వచ్చి పదకొండున్నరకు ఆట మొదలుపెడితే పన్నెండు దాకా ఆ రోజు కోటా. పన్నెండు కొట్టగానే కొత్త కోటా. మధ్యలో ఒక్క నిమిషం కూడా ఆగకుండా గంట ఆడేయొచ్చు, ఫోన్ ఆపదు. మర్నాడు రాత్రి పదికి తెరిస్తే మాత్రం ‘టైమ్ అయిపోయింది’ అంటుంది, ఎందుకంటే ఆ తేదీ కోటా తెల్లవారకముందే ఖర్చయిపోయింది. అతనికి ఇది అన్యాయంగా తోస్తుంది, చిరాకుతో టైమర్ తీసేస్తాడు. తప్పు అతనిదీ కాదు, ఫోన్‌దీ కాదు. రాత్రి డ్యూటీ రోజుకూ ఫోన్ రోజుకూ పొంతన లేదు, అంతే.

దీనికి మందు ఫోకస్ మోడ్. అదే Digital Wellbeing లో Focus mode తెరిచి ఆ ఆటను ఎంచుకుని, Set a schedule లో రాత్రి 12 నుంచి పొద్దున 6 దాకా పెట్టాలి. అప్పుడు ఆడేది ఏదైనా పన్నెండులోపే, అరగంట టైమర్ పరిధిలోనే. పన్నెండు తర్వాత కొత్త కోటా ఉన్నా యాప్ తెరుచుకోదు. ఫోకస్ మోడ్‌లో Take a break అనే కన్నం ఒకటి ఉంది, దాంతో కొన్ని నిమిషాలు తెరుచుకోవచ్చు. దాన్ని మూయలేం, అందుకే రెండో అడుగు కావాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో ఈ మెనూల పేర్లు కొద్దిగా మారతాయి, సెట్టింగ్స్ పైన వెతికే చోట wellbeing అని కొడితే దొరుకుతాయి.

ఐఫోన్ వాళ్లు Settings లో Screen Time, అందులో App Limits. Block at End of Limit ఆన్ చేయకపోతే Ignore Limit అని ఒక బటన్ వస్తుంది, దాని కింద ఈ రోజుకు పట్టించుకోకు అనే అవకాశమూ ఉంటుంది. ఆ బటన్ ఉన్న టైమర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. Block at End of Limit ఆన్ చేయాలంటే ముందుగా Screen Time కు పాస్‌కోడ్ పెట్టి, ఆ అంకెలు మీరు కాకుండా అక్కయ్యో, రూమ్మేటో ఎంచుకోవాలి. తమ్ముడైతే రాత్రి రెండింటికి ఫోన్ చేసి అడిగినా చెప్పేస్తాడు. అడగడానికి మొహమాటపడే మనిషికే ఇవ్వండి.

రెండో అడుగు: లేచి ఆపాల్సిన గంట

ఫోన్‌లో వచ్చే పాప్-అప్‌ను ఫోన్ పట్టుకున్న వేలే తోసేస్తుంది. అందుకే అసలు రియాలిటీ చెక్ ఫోన్ బయట ఉండాలి. ఇంట్లో మూలన పడున్న పాత కీప్యాడ్ ఫోన్ చాలు, సిమ్ అక్కర్లేదు. మన కుర్రవాడి విషయంలో దాన్ని గది తాళాలు వేలాడే చెక్క పలక పైన పెట్టాలి, కుర్చీలోంచి చేయి చాపితే అందకూడదు. ఆట మొదలుపెట్టిన ఇరవయ్యో నిమిషానికి అలారం. ముప్ఫైకి కాదు. రమ్మీలో ఒక ఆట నాలుగైదు నిమిషాలు నడుస్తుంది. ఇరవైకి మోగితే చేతిలో ఉన్న ఆట పూర్తిచేసుకుని, ఇంకోటి కావాలంటే అదీ ఆడి, పరిమితిలోపే బయటపడొచ్చు. సరిగ్గా పరిమితి దగ్గరే మోగిన గంట ఆట మధ్యలో పడుతుంది, ఆ ఆట పేరుతో ఇంకో రెండు ఆటలు జరిగిపోతాయి.

తాళాల పలక పక్కనే ఒక చీటీ అంటించాలి. ఆట తెరవకముందు దాని మీద మూడు రాయాలి: మొదలుపెట్టిన టైమ్, చిప్స్ ఎన్ని ఉన్నాయి, ఈ నెలలో ప్యాకులకు ఎన్ని రూపాయలు పోయాయి. గంట మోగి లేచి వెళ్లినప్పుడు కింద మళ్లీ అవే మూడు. ‘10:55, 40,000 చిప్స్, 198 రూపాయలు’ కింద ‘11:15, 9,000 చిప్స్, 198 రూపాయలు’ అని సొంత చేతిరాతలో కనిపించాక, ఇక ప్యాక్ కొనాలనిపించేది ఇప్పుడేనని తనకే అర్థమవుతుంది. చీటీ చివర ముందే రాసి పెట్టుకున్న వాక్యం ఒకటి ఉండాలి, చేయాల్సిన పని రూపంలో: ‘గంట మోగితే ఈ ఆట అయ్యాక యాప్ మూసి, రిజిస్టర్‌లో రేపటి ఖాళీ గదులు చూస్తాను.’ ‘జాగ్రత్తగా ఆడాలి’ లాంటివి రాస్తే ఉపయోగం లేదు.

లేచాక చేసే పని కూడా ముఖ్యమే. విరామం ఇచ్చి ఊరికే కూర్చోబెడితే కొందరిలో ఆడాలన్న తపన తగ్గకపోగా పెరిగిందని ప్రయోగాల్లో తేలింది. పది నిమిషాలు ఫోన్ వైపే చూస్తూ ఆగడం వల్ల ఆకలి పెరుగుతుందే తప్ప తగ్గదు. టీ తాగడానికి బయటకు నడిచినా సరే, ఫోన్ మాత్రం కౌంటర్ డ్రాయర్‌లో ఉండాలి.

డబ్బుకు వేరే కాపలా

టైమర్ డబ్బును ఆపదు. అయిదు నిమిషాల్లో మూడు ప్యాకులు కొనొచ్చు. ప్లే స్టోర్‌లో మన ఫొటో నొక్కి Payments & subscriptions, అందులో Budget & history లో నెల బడ్జెట్ పెట్టుకునే వీలుంది. కానీ అది చెబుతుంది గానీ ఆపదు, బడ్జెట్ దాటినా కొనుగోలు జరిగిపోతుంది. అదీ ఒక మెత్తని పాప్-అప్ కిందే లెక్క. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పెట్టి, ప్లే స్టోర్ నుంచి కార్డునూ యూపీఐనీ తీసేయడం గట్టి పని. కొనాలనిపించినప్పుడు మళ్లీ అన్నీ ఎక్కించాల్సి రావడమే ఇక్కడ అసలు అడ్డు.

రెండు వారాలకోసారి Dashboard తెరిచి, చీటీలతో సరిచూడండి. అలారం మాటలు కూడా మార్చండి, చీటీని వేరే చోట అంటించండి. ఒకే గంట ఒకే చోట నెల రోజులు మోగితే చెవి దాన్ని వినడం మానేస్తుంది.

ఒకే వారంలో రెండుసార్లు టైమర్ తీసేశారంటే, లేక ఇంట్లోవాళ్లకు తెలియకుండా ప్యాకులు కొన్నారంటే, టైమర్‌తో అయ్యే పని కాదు. అప్పుడు యాప్‌నూ ఖాతానూ తొలగించి, 14416కు ఫోన్ చేయాలి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు. డబ్బేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నిషేధించిన డబ్బు సైట్లలో ఇరుక్కుని అప్పుల పాలైనవాళ్లకూ మొదట కలపాల్సింది ఇదే నంబరు. ఆ సైటు మోసం చేసి డబ్బు లాగేసిందంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి చెప్పాలి.