ఫీజుల సీజన్ మొదలైతుంది, కన్సెషన్ కాలమ్ ముందు చూడుండ్రి

మొన్న హన్మకొండల ఒక స్కూల్‌కు లెక్కలు చూడనీకి పోతే కరస్పాండెంట్ సార్ "అంతా టాలీ అయింది, నీ సంతకమే బాకీ" అన్నడు. నిజంగనే టాలీ అయింది, కొంప ముంచింది గూడ అదే.

ఏడో తరగతి పిల్ల, ఏడాది ఫీజు 32,000. సాఫ్ట్‌వేర్‌ల కట్టింది 22,000, కన్సెషన్ 10,000, బాకీ సున్నా. బ్యాంకుల గూడ 22,000 పడ్డయ్. అదే టైంకు వాళ్ల అమ్మ టీసీ కోసం వచ్చింది, మాట మీద మాట వచ్చి "కన్సెషనా, మాకెవరిచ్చిన్రు సార్" అని పర్సుల కెళ్లి మూడు రసీదులు తీసింది. 12,000, 10,000, ఇంకో 10,000. మూడోది రసీదు బుక్కుల స్టాక్ రిజిస్టర్‌ల ఎక్కని బుక్కుది. క్యాషియర్ ఆ పైసలు జేబుల వేస్కొని, బాకీ లిస్టుల పేరు రావొద్దని కన్సెషన్ కొట్టిండు, కారణం 'అక్కచెల్లెళ్లు' అని రాసిండు. ఆ పిల్ల ఇంట్ల ఒక్కతే!

చాలామంది చేసే తప్పు ఇదే. రసీదులు ప్లస్ కన్సెషన్ ప్లస్ బాకీ కలిపితే డిమాండ్, అంటే రావాల్సిన మొత్తం ఫీజు, వచ్చిందా అని చూసి టిక్ పెడ్తరు. ఎంత తింటే అంత కన్సెషన్ రాస్తే ఎప్పుడైనా వస్తది గదా. కన్సెషన్ అంటే ఉత్త అంకె అనుకోకుండ్రి, బయటికి పోయిన నగదు అనుకోని చూడుండ్రి. ఒక్కో ఎంట్రీకి కరస్పాండెంట్ సంతకం ఉన్న కాగితం అడుగుండ్రి. తేదీ చూడుండ్రి, అసలు కన్సెషన్ ఎక్కువగ అడ్మిషన్ అప్పుడే మాట్లాడుకుంటరు, ఫిబ్రవరి, మార్చిల ఎక్కినయ్ అంటే ముందు అవే పట్టుకోవాలె.

కాగితం ఉన్నా పది పదిహేను మంది పేరెంట్స్‌కు మీరే ఫోన్ చేయుండ్రి. నంబర్లు ఆఫీసోళ్లు ఇచ్చిన లిస్టుల కెళ్లి కాదు, అడ్మిషన్ ఫారాల కెళ్లి. "ఎంత కట్టిన్రు, రసీదు నంబర్ చెప్పుండ్రి" అనాలె, కన్సెషన్ మాట మీరు ఎత్తొద్దు.

బ్యాంకు సంగతి, నెల టోటల్ వద్దు, రోజు రోజుది చూడాలె. సోమవారం క్యాష్ గురువారం కడుతున్నరంటే ఇయ్యాల తిన్నది రేపటి పిల్లగాని పైసలతోటి పూడుస్తున్నట్టు అనుమానం. రసీదుల మీద అన్నీ 'నగదు' అని ఉండి స్లిప్పుల చెక్కు ఉన్నదంటే ఆడనే ఆగుండ్రి. స్టేట్‌మెంట్ క్యాషియర్ తీసిచ్చిన ప్రింట్ తీస్కోవద్దు. కౌంటర్ మీద క్యూఆర్ మీ ఫోన్ల స్కాన్ చేసి ఎవరి పేరు వస్తదో చూడుండ్రి. క్యాన్సిల్ రసీదుకు రెండు కాపీలు బుక్కుల లేకుంటే అది క్యాన్సిల్ కాదు. వాడని బుక్కులు లెక్కబెట్టుండ్రి, ప్రింటింగ్ ప్రెస్ బిల్లుల ఎన్ని ఉన్నయో దాంతోటి కలుపుండ్రి. కన్సెషన్ ఎంట్రీ కొట్టే పాస్‌వర్డ్ క్యాష్ తీస్కునేటోని దగ్గర ఉంటే ఇయ్యాలనే మార్పియ్యుండ్రి, ఆడిట్ అయినంక కాదు.